“గోలీలు ఏసుకుంటున్నవా?” అని అడిగితే వచ్చే జవాబు

“మీరు బీపీ మందులు సరిగా వాడటం లేదు. ఇలాగే నిర్లక్ష్యం చేస్తే పక్షవాతం, గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంది. వెంటనే దవాఖానకు రండి.”

గోలీలు మానేసిన మనిషికి దవాఖాన నుంచి వెళ్లే ఈ మెసేజ్‌లో వైద్యపరంగా తప్పు ఒక్కటీ లేదు. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే పక్షవాతం ముప్పు పెరుగుతుంది, పై అంకె పది తగ్గితే ఆ ముప్పు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. ఇదంతా నిజమే. అయినా ఈ మెసేజ్ అందుకున్న మనిషి దవాఖానకు రాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఒకవేళ వచ్చినా డాక్టర్‌కు నిజం చెప్పదు. రాకపోవడం కన్నా ఈ రెండోదే పెద్ద చిక్కు. ఎందుకో తెలియాలంటే ఒక కేసును కాస్త దగ్గరగా చూడాలి. ఇది ఫలానా మనిషి కథ కాదు, విషయం అర్థం కావడానికి కూర్చిన ఉదాహరణ.

నిజామాబాద్, జగిత్యాల వైపు ఏ ఊళ్లోకి వెళ్లినా వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో 54 ఏళ్ల ఒకావిడ అనుకుందాం. ఊళ్లో పెట్టిన క్యాంపులో బీపీ 168/98 వచ్చింది. వారం తర్వాత మళ్లీ చూస్తే 164/96. డాక్టర్ ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రాశారు, రోజుకొకటి. నెల తిరిగేసరికి 136/84కు దిగింది. అందరూ సంతోషించారు. మూడో నెలలో చూస్తే మళ్లీ 162/94.

“గోలీలు ఏసుకుంటున్నవా అమ్మా?”

“ఏసుకుంటున్న సారూ.”

ఇక్కడ డాక్టర్ ముందున్న లెక్క సూటిగా ఉంది. 5 మిల్లీగ్రాములు రోజూ వేసుకుంటున్నా బీపీ 162 ఉందంటే ఆ మోతాదు చాలడం లేదన్నమాట. కాబట్టి 10 చేశారు. ఆ లెక్కలో తప్పు లేదు, తప్పంతా లెక్కలోకి వచ్చిన సమాచారంలో ఉంది. ఆవిడ నెలలో సగం రోజులు కూడా గోలీ వేసుకోలేదు. ఆ మాట చెప్పలేదు, ఎందుకంటే కిందటి నెల పక్క వరసలో ఒకామె “మర్శిపోతున్న” అన్నందుకు అందరి ముందూ ఎన్ని మాటలు పడిందో ఆవిడ చూసింది.

అసలు గోలీ ఎందుకు మానేసింది? సాయంత్రమయ్యేసరికి కాళ్లు వాస్తున్నాయి. చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోంది, మెట్టెలు బిగుసుకుపోతున్నాయి. పక్కింటామె చూసి “ఆ గోలీలు మింగితే కిడ్నీలు ఖరాబైతయి, అందుకే నీరు పడుతున్నది” అంది. రెండు రోజులు మానేసి చూసింది, వాపు కొంచెం తగ్గినట్టు అనిపించింది. బీపీ పెరిగిన తేడా మాత్రం ఒంటికి ఏమీ తెలియలేదు. గోలీ వేసుకుంటే కనబడే నష్టం ఉంది, మానేస్తే కనబడే నష్టం లేదు. ఆవిడ స్థానంలో ఎవరున్నా మానేయడమే తెలివైన పనిగా తోస్తుంది. దీన్ని నిర్లక్ష్యం అనడం తేలిక, కానీ ఆవిడ చేసింది అక్షరాలా జాగ్రత్తే. తన కిడ్నీలు కాపాడుకుంటున్నాననుకుంది.

ఆ వాపు సంగతి చూద్దాం. ఆమ్లోడిపిన్ చిన్న ధమనుల గోడలను వదులు చేసి బీపీ తగ్గిస్తుంది. నెత్తురు లోపలికి వచ్చే దారి వెడల్పయినంతగా బయటికి వెళ్లే సిరల దారి వెడల్పు కాదు. మధ్యలో ఉన్న సన్నటి రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి, నీరు బయటికి ఊరుతుంది. భూమి ఆకర్షణ వల్ల అది పాదాల దగ్గర చేరుతుంది. పొద్దంతా కాళ్లు మడిచి కూర్చుని బీడీలు చుట్టే మనిషికి ఇది మరింత ఎక్కువగా కనబడుతుంది. ఈ వాపు కిడ్నీలు చెడినందుకు వచ్చేది కాదు. మోతాదును బట్టి కూడా మారుతుంది. 5 మిల్లీగ్రాముల దగ్గర వందలో ముగ్గురికి వస్తే, 10 దగ్గర వందలో పది పదకొండు మందికి వస్తుంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లకు ఎక్కువ.

ఇప్పుడు ఆ 10 మిల్లీగ్రాముల చీటీని మళ్లీ చూడండి. వాపు వల్ల గోలీ మానేసిన మనిషికి, వాపు వచ్చే అవకాశాన్ని మూడింతలు చేసే మోతాదు రాసిచ్చారు. నాలుగు రోజులు వేసుకుంటుంది, కాళ్లు ఇంకా వాస్తాయి, పూర్తిగా మానేస్తుంది. వచ్చే నెల బీపీ 170 దాటుతుంది, రెండో మందు కలుపుతారు. దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. ఇలా కాగితం మీద మూడు మందులు పోగయిన మనిషి ఏదో జ్వరంతో ఆసుపత్రిలో చేరితే, నర్సు చీటీలో ఉన్నవన్నీ వేళకు వేస్తుంది. ఎన్నడూ వేసుకోని మందులు ఒక్కసారిగా ఒంట్లో పడి బీపీ అడుగంటుతుంది, మంచం దిగగానే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంటుంది.

నిజం తెలిసి ఉంటే ఏం జరిగేది? వాపు ఆమ్లోడిపిన్ వల్లేనని చూసి నిర్ధారించుకున్నాక డాక్టర్‌కు రెండు మూడు దారులు ఉండేవి. ఆమ్లోడిపిన్ బదులు టెల్మిసార్టన్ లాంటిది ఇవ్వొచ్చు. లేదా ఆమ్లోడిపిన్ తక్కువ మోతాదులో ఉంచి దానికి టెల్మిసార్టన్ జోడించవచ్చు. ఈ రెండో మందు బయటికి వెళ్లే దారిని కూడా కొంత వెడల్పు చేస్తుంది కాబట్టి వాపు తగ్గుతుంది. మూత్రం ఎక్కువగా పోయే మందు ఇస్తే ఈ రకం వాపు పెద్దగా తగ్గదు, పైగా పనిలో మాటిమాటికీ లేవాల్సి వస్తుందని దాన్ని కూడా మానేస్తుంది. టెల్మిసార్టన్ మొదలుపెడితే కొన్ని వారాలకు రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసుకోవాలి. గర్భం వచ్చే అవకాశమున్న వాళ్లకు అది ఇవ్వకూడదు. ఇవన్నీ డాక్టర్ తేల్చే విషయాలు. అవి తేలాలంటే మాత్రం “వేసుకోవడం లేదు సారూ, కాళ్లు వాస్తున్నాయి” అన్న ఒక్క మాట ఆవిడ నోట రావాలి. మెసేజ్ చేయాల్సిన పని ఆ మాట రప్పించడం. తిట్టి భయపెట్టే మెసేజ్ ఆ మాటనే లోపలికి నెట్టేస్తుంది.

ఆ మెసేజ్ ఎక్కడ చదువుతారో కూడా ఆలోచించాలి. ఊళ్లలో ఈ వయసు ఆడవాళ్ల ఫోన్ చాలాసార్లు కొడుకు చేతిలోనో మనవరాలి చేతిలోనో ఉంటుంది. మెసేజ్ వస్తే వాళ్లే చదివి వినిపిస్తారు. “మీరు నిర్లక్ష్యం చేస్తున్నారు” అన్న వాక్యం కొడుకు గొంతులో, కోడలు వింటుండగా వినాలి. ఒక్క మనిషికి రాసిన మందలింపు ఇంటిల్లిపాదీ చేసే మందలింపు అవుతుంది. ఆ రాత్రి కొడుకు దగ్గరుండి గోలీ మింగిస్తాడు, మర్నాటి నుంచి ఆవిడ గోలీ కొంగులో దాచేస్తుంది. అందుకే వీలైతే రాసి పంపడం కన్నా ఫోన్‌లో నేరుగా మాట్లాడటం మేలు, అది కుదరకపోతే అర నిమిషం, నిమిషం వాయిస్ మెసేజ్. తెలిసిన సిస్టర్ గొంతు అయితే మరీ మంచిది. తన బీపీ సంగతి ఇంట్లో చెప్పని వాళ్లు కూడా ఉంటారు. వాళ్లకు మెసేజ్‌లో జబ్బు పేరు, మందు పేరు లేకుండా “మీ కార్డు విషయం మాట్లాడాలి, ఫోన్ చేయండి” అంటే చాలు.

2017లో దేశంలో బీపీ నియంత్రణ కార్యక్రమం ఒకటి పెద్ద ఎత్తున మొదలైంది. మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఏ మందు తర్వాత ఏ మందు ఇవ్వాలో ముందే రాసిపెట్టుకోవడం, దగ్గరి దవాఖానలో మందులు ఎప్పుడూ ఉండేలా చూడటం, గడువు దాటినా రాని వాళ్లను వెతికి మళ్లీ పిలవడం అందులో ముఖ్యమైన పనులు. మూడో పని ఫోన్ కాల్ మీదే ఎక్కువగా నడుస్తుంది. ఫోన్ చేయాలని అందరికీ తెలుసు. చేసి ఏమనాలన్న దగ్గరే తేడా వస్తుంది.

బీడీల అమ్మకు వెళ్లాల్సిన మెసేజ్ ఇలా ఉండొచ్చు.

“నమస్తే అమ్మా. దవాఖాన నుంచి సిస్టర్‌ని. మీ బీపీ గోలీల గురించి ఫోన్ చేసిన. రోజూ గోలీ వేసుకోవడం చాలామందికి కుదరదు. కొందరికి కాళ్లు వాస్తాయి, కొందరికి తల తిరుగుతుంది, కొందరు పనిలో పడి మరిచిపోతారు, కొందరు ఒక్కపొద్దు ఉన్నరోజు మానేస్తారు. మీకు అలాంటిది ఏదన్నా ఉంటే చెప్పండి, వేరే గోలీ ఉంది. బుధవారం డాక్టర్ ఉంటారు, ఆరోజు రండి. మిగిలిన గోలీలు ఎన్ని ఉన్నా పారేయకుండా అట్టతో సహా తెండి. ఎన్ని మిగిలాయో చూస్తేనే ఏ మందు ఇవ్వాలో డాక్టర్‌కు తెలుస్తుంది. అప్పటిదాకా రోజుకొక్కటి వేసుకోండి. మానేసిన వాటికి కలిపి రెండు వేసుకోవద్దు. మూతి వంకర పోయినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట తడబడినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా మాత్రం బుధవారం దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.”

ఇందులో ప్రతి వాక్యం వెనకా ఒక కారణం ఉంది. “చాలామందికి కుదరదు” అన్నది ఓదార్పు మాటలా వినిపిస్తుంది కానీ దాని పని వేరు. తప్పు ఒప్పుకోవాల్సిన అవసరం లేకుండా సంగతి చెప్పే దారి తెరుస్తుంది. “వేసుకుంటున్నారా?” అన్న ప్రశ్నకు మర్యాదైన జవాబు ఒక్కటే, అవునని. దాని బదులు ఫోన్‌లో మాట్లాడేటప్పుడు “పోయిన వారంలో ఎన్ని రోజులు కుదరలేదు?” అంటే కుదరని రోజులు ఉంటాయని అడిగేవాళ్లే ఒప్పుకున్నట్టు. అప్పుడు “మూడు నాలుగు రోజులు” అనడానికి నోరు వస్తుంది. వారం అని అడగడానికి కూడా కారణం ఉంది. నెల సంగతి ఎవరికీ గుర్తుండదు, నెల గురించి అడిగితే తోచింది చెబుతారు.

కారణాలు నాలుగు పేర్లు పెట్టి చెప్పడం రెండో సంగతి. “ఏదైనా ఇబ్బంది ఉందా?” అంటే “ఏం లేదు సిస్టర్” అంటారు. కాళ్ల వాపు అని పేరు వినిపిస్తే, అది తనకొక్కదానికే వచ్చింది కాదని, గోలీ వల్ల రావొచ్చని మొదటిసారి తెలుస్తుంది. ఆ మాట తర్వాత వెంటనే “వేరే గోలీ ఉంది” అని రావాలి. లేకపోతే వాపు గోలీ వల్లేనని తేల్చేసుకుని ఆ పూటే మానేస్తారు. అలాగని “వాపు ఏం కాదు, భయపడకండి” అని ఫోన్‌లోనే ధైర్యం చెప్పడం కూడా పొరపాటే. రెండు చీలమండలూ సమంగా వాచి, పొద్దున్నకు తగ్గితే అది మందు వాపు అయ్యే అవకాశం ఎక్కువ. ఒక్క కాలే వాచి నొప్పి పుడుతున్నా, మొహం ఉబ్బినా, మూత్రం తగ్గినా, పడుకుంటే ఊపిరాడకపోయినా సంగతి వేరు. వాళ్లకు బుధవారం కాదు, అదే రోజు డాక్టర్ కావాలి. కాబట్టి ఎవరైనా “వాపు ఉంది” అంటే సిస్టర్ ఈ నాలుగూ అడిగి చూసుకోవాలి.

గోలీల అట్ట తెమ్మనడం తనిఖీలా కనిపిస్తుంది. అందుకే కారణం కూడా అదే మెసేజ్‌లో ఉంది. నెలకు 30 గోలీలు ఇచ్చారు, 30 రోజుల తర్వాత 17 మిగిలాయంటే 13 రోజులే పడ్డాయి. 162/94 అన్న అంకెకు అప్పుడు అర్థం పూర్తిగా మారిపోతుంది. మోతాదు చాలకపోవడం కాదది, మందు ఒంట్లో పడకపోవడం. తిడతారన్న భయం ఉంటే వచ్చే ముందు రోజు ఆ పదిహేడూ చెత్తబుట్టలోకి వెళ్తాయి, లెక్క మళ్లీ తప్పుతుంది. “పారేయకుండా” అన్న ఒక్క మాట చిన్నదే కానీ దాని పని చాలా ఉంది.

మెసేజ్‌లో చెప్పని విషయం ఒకటి ఉంది, అది ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్పాలి. ఆమ్లోడిపిన్ ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. సగం పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. అందుకే ఒక రోజు మరిచిపోతే బీపీ పెద్దగా మారదు. రెండో రోజు, మూడో రోజు కొద్దికొద్దిగా జారుతుంది, వారం తిరిగేసరికి మందు దాదాపు ఉండదు. మళ్లీ మొదలుపెట్టినా పూర్తి బలం రావడానికి వారం పడుతుంది. మానేసిన రోజు ఏమీ కాలేదన్న ఆవిడ అనుభవం అబద్ధం కాదు. మందు స్వభావమే అంత. దవాఖానకు వచ్చే ముందు రెండు రోజులు మాత్రమే గోలీ వేసుకుంటే అంకె సరిగ్గా రాకపోవడానికీ కారణం ఇదే. ఈ సంగతి బెదిరింపుగా కాకుండా లెక్కగా చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. బిందెకు చిన్న చిల్లి ఉంటే నీళ్లు తగ్గడం పొద్దున్న తెలియదు, సాయంత్రం తెలుస్తుంది. ఇదీ అంతే.

అన్ని బీపీ మందులూ ఇంత ఓపిగ్గా ఉండవు. అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటివి ఒక్కసారిగా ఆపితే గుండె వేగం పెరగొచ్చు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి రావొచ్చు. క్లోనిడిన్ ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది. ఈ మందుల మీద ఉన్న మనిషి మానేశారని తెలిస్తే బుధవారం దాకా ఆగే మెసేజ్ పనికిరాదు, అదే రోజు డాక్టర్‌తో మాట్లాడించాలి. మూడు నాలుగు రకాల గోలీలు నెలల తరబడి మానేసిన వాళ్లకు “ఇవాళ్టి నుంచి అన్నీ మొదలుపెట్టండి” అని ఫోన్‌లో చెప్పడం కూడా మంచిది కాదు. “రోజుకొక్కటి వేసుకోండి” అన్న వాక్యం బీడీల అమ్మలా చిన్న మోతాదులో ఒకే మందు వాడేవాళ్లకు మాత్రమే సరిపోతుంది. ఒకే మెసేజ్‌ను జాబితాలో ఉన్న అందరికీ పంపేస్తే వచ్చే ఇబ్బంది ఇక్కడే.

ఎప్పుడు పంపాలన్నది కూడా కొంత ఆలోచించాల్సిందే. గోలీలు అయిపోయాక పంపేది మందలింపు అవుతుంది, అయిపోవడానికి రెండు మూడు రోజుల ముందు పంపేది కబురు అవుతుంది. చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పగించే రోజున రమ్మంటే రాలేరు, ఆరోజు కూలి పోతుంది. రోజూ పొద్దున్నే “మందు వేసుకున్నారా?” అని మెసేజ్‌లు పంపే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. మరిచిపోవడమే కారణమైన వాళ్లకు అవి కొన్నాళ్లు పనికొస్తాయి. వాపు వల్ల మానేసిన మనిషికి రోజూ గుర్తుచేస్తే ఏం లాభం? ఆవిడ మరిచిపోలేదు, రోజూ గుర్తుంచుకునే మానేస్తోంది.

మోతాదు 10కి పెంచకముందే ఆ మెసేజ్ అంది, బుధవారం ఆవిడ వచ్చిందనుకుందాం. అట్టలో గోలీలు 17. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపుకు ఆనుకోనిచ్చి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉంచి, మాట్లాడించకుండా చూస్తే బీపీ 160/94. డాక్టర్ పాదాలు నొక్కి చూశారు, మూత్ర పరీక్ష, క్రియాటినిన్ చేయించారు. రెండూ బాగానే ఉన్నాయి. “మీ కిడ్నీలు మంచిగున్నయమ్మా” అని కాగితం చూపించి చెప్పారు. ఆమ్లోడిపిన్ ఆపి టెల్మిసార్టన్ 40 మిల్లీగ్రాములు రాశారు. రోజూ మానకుండా చేసే పని ఏదైనా ఉందా అని సిస్టర్ అడిగితే, పొద్దున చాయ్ తాగనిదే చాట ముట్టనంది. గోలీల అట్టను చాయ్‌పత్తా డబ్బాకు రబ్బరు బ్యాండుతో కట్టుకొమ్మని సిస్టర్ చెప్పింది.

నాలుగు వారాల తర్వాత కాళ్ల వాపు లేదు, పొటాషియం మామూలుగా ఉంది, బీపీ 134/82. ఇరవై ఎనిమిది రోజులకు నాలుగు గోలీలు ఎక్కువ మిగిలాయి. ఈసారి ఎవరూ అడగకముందే ఆవిడే చెప్పింది, అవి నాలుగూ శనివారాలని. ఒక్కపొద్దు ఉన్నరోజు ఖాళీ కడుపుతో గోలీ పడితే మంట పుడుతుందని మానేసిందట. టెల్మిసార్టన్ అయినా ఆమ్లోడిపిన్ అయినా తిండితో పనిలేదని, ఉత్త మంచినీళ్లతో వేసుకోవచ్చని సిస్టర్ చెప్పింది. “నీళ్లు తాగొచ్చు గదా మరి, ఒక్కపొద్దుల” అని ఆవిడ తనలో తాను అనుకుని, అట్ట కొంగున ముడేసుకుంది.